క్రషర్ పక్కన ఇంకో క్రషర్

రామగుండంలో, కొత్తగూడెంలో, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రాల మీదుగా వెళ్ళేవారికి ఏటవాలుగా పైకి లేచే పొడవాటి గ్యాలరీలు కనబడతాయి. బాయిలర్‌కు బొగ్గు చేరేది ఇలాంటి వాటిలో తిరిగే బెల్టుల మీదనే. రైలు వ్యాగన్ల నుంచి దిగిన బొగ్గును ఫీడర్ మొదటి బెల్టు మీదికి తోస్తుంది. ఆ బెల్టు దాన్ని క్రషర్‌లో పోస్తుంది. క్రషర్ పెద్ద పెళ్లలను సుమారు 20 మిల్లీమీటర్ల ముక్కలుగా నలగగొడుతుంది. అక్కణ్ణించి మరో రెండు బెల్టులు మారి బొగ్గు బాయిలర్ పక్కనున్న బంకర్లలో పడుతుంది. దారిని కాస్త కుదించి చెప్పినా, మన లెక్కకు ఈ ఐదు యంత్రాలూ చాలు.

ఈ ఐదింటిలో ఏది ఆగినా మిగతా నాలుగు బాగుండి ప్రయోజనం లేదు. క్రషర్ ఆగిందనుకోండి. దాని వెనకున్న బెల్టు ఇంకో నిమిషం నడిచినా చూట్ నిండి, బొగ్గు పొంగి కుప్ప పడుతుంది. ఆ కుప్ప ఎత్తిపోయడానికి పారలు పట్టుకుని మనుషులు దిగాలి. అందుకే వీటి మోటార్లను ఇంటర్‌లాక్‌తో కట్టేస్తారు. లైను మొదలుపెట్టేటప్పుడు బంకర్ వైపు బెల్టును ముందు తిప్పి, ఫీడర్‌ను చివర్న వదులుతారు. మధ్యలో ఒకటి ట్రిప్ అయితే దాని వెనకున్నవన్నీ వాటంతటవే ఆగిపోతాయి. ఇంజనీర్లు సిరీస్ అనేది ఈ అమరికనే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, ఏ ఒక్క కేంద్రానివీ కావు. ఫీడర్ వంద గంటలు కావాలంటే 97 గంటలు సిద్ధంగా ఉంటుంది, అంటే 0.97. బెల్టులు మూడూ 0.98 చొప్పున. సుత్తులు అరిగిపోయే, ఇనుపముక్క పడితే ఇరుక్కునే క్రషర్ 0.95. విడివిడిగా చూస్తే ఏదీ 95 శాతానికి తగ్గలేదు, లైను కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుందనిపిస్తుంది. కానీ సిరీస్‌లో ఈ అంకెలను ఒకదానితో ఒకటి గుణించాలి:

0.97 × 0.98 × 0.95 × 0.98 × 0.98 = 0.867

వందకు 87 గంటలే. ఏడాదికి ఉన్న 8,760 గంటల్లో దాదాపు 1,160 గంటలు లైను పనికిరాదన్నమాట. రెండో ప్రపంచ యుద్ధంలో వీ-1 క్షిపణి మీద పనిచేసిన జర్మన్ ఇంజనీర్ రాబర్ట్ లుసర్ పేరు ఈ గుణకారంతో ముడిపడిపోయింది. దీన్ని లుసర్ సూత్రమని ఇప్పటికీ అంటారు. మొత్తం వ్యవస్థ దానిలోని అతి బలహీనమైన భాగం కన్నా కూడా బలహీనంగా ఉంటుందని ఈ సూత్రం తేల్చింది. మన లైనులో అన్నిటికన్నా నాసి క్రషర్, 0.95. లైను అంతకన్నా కింద ఉంది.

సరే, ఒక్క స్టాండ్‌బై యంత్రానికే డబ్బులున్నాయి. ఎక్కడ పెట్టాలి? రెండు క్రషర్లు పక్కపక్కన ఉండి ఏ ఒక్కటి పనిచేసినా చాలనుకుంటే అది పారలల్ అమరిక. ఇక్కడ గుణించేది పనిచేసే అవకాశాలను కాదు, చెడిపోయే అవకాశాలను. ఒక క్రషర్ పనికిరాకుండా ఉండేది 0.05. రెండూ ఒకేసారి అలా ఉండేది 0.05 × 0.05, అంటే 0.0025. జత సిద్ధంగా ఉండేది 0.9975. దాన్ని లైను లెక్కలో వేస్తే 0.867 కాస్తా 0.911 అవుతుంది. ఆగే సమయం 1,160 గంటల నుంచి సుమారు 780కి దిగుతుంది. అదే డబ్బుతో ఒక బెల్టుకు జత కట్టి ఉంటే లైను 0.885 దగ్గరే ఆగేది. స్టాండ్‌బై అనేది ఎక్కువగా ఆగే యంత్రానికే ఎక్కువ అక్కరకొస్తుంది. వినడానికి మామూలు మాటే గాని, కొనుగోలు ఫైళ్ళు మాత్రం ఏది చవగ్గా దొరికితే దాని వైపే నడుస్తుంటాయి.

బొగ్గు ప్లాంట్లలో సాధారణంగా లైను మొత్తాన్నీ రెండుగా కడతారు. వాటిని ఏ, బీ స్ట్రీములంటారు. ఒకటి నడుస్తుంటే రెండోది స్టాండ్‌బై. అసలు విశేషం ఇక్కడుంది. ఏ స్ట్రీము మొదలు ఏదైనా, చివరి దాకా ఏ మీదనే పోవాలంటే, రెండు లైనులూ ఒకేసారి ఆగే అవకాశం 0.133 × 0.133. లైను 0.982కి చేరుతుంది, ఏడాదికి 154 గంటల నష్టం. బొగ్గు ఒక బెల్టు నుంచి ఇంకోదానికి మారే ప్రతిచోటా, పాయింటు పాయింటుకూ, ఏ నుంచి బీకి మళ్ళించే ఫ్లాప్ గేట్ పెడితే లెక్క మారిపోతుంది. ఏ క్రషర్ చెడిపోయి, అదే సమయంలో బీ స్ట్రీము రెండో బెల్టు చెడినా భయం లేదు. ఏ ఫీడర్, ఏ మొదటి బెల్టు, బీ క్రషర్, ఏ రెండో బెల్టు అంటూ బొగ్గు దారి వెతుక్కుంటుంది. అప్పుడు లైను 0.995. నష్టం 40 గంటలే. పెద్ద యంత్రాలు అవే పది. చూట్‌లో తిరిగే ఒక ఉక్కు పలకతోనే నష్టం నాలుగో వంతుకు పడిపోయింది. గేటు ఎప్పుడూ ఇరుక్కోదని ఈ లెక్క నమ్ముతుంది, నిజానికి ఇరుక్కుంటుంది. అందుకని నిజంగా దక్కేది 154కూ 40కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

కాగితం మీది 0.05 × 0.05 ఇంకో షరతు మీద నిలబడింది. రెండు క్రషర్లూ వేర్వేరు కారణాలతో చెడిపోవాలి. వానాకాలంలో తడిసిన, మట్టి కలిసిన బొగ్గు వస్తే అది ఏ, బీ అని చూడదు. రెండు చూట్లలోనూ పేరుకుని అంటుకుపోతుంది. ఒకే గ్యాలరీలో పక్కపక్కన నడిచే బెల్టుల్లో ఒకదానికి నిప్పంటుకుంటే రెండోదీ కాలుతుంది. రెండు మోటార్లకూ ఒకే ప్యానెల్ నుంచి కరెంటు వస్తుంటే ఆ ప్యానెల్ ఒక్కటి చాలు. క్రషర్ ఆగే సమయంలో పదో వంతు ఇలాంటి ఉమ్మడి కారణాలదే అనుకుందాం. 0.05లో పదో వంతు 0.005, అది జతను నేరుగా ఆపేస్తుంది. విడివిడి కారణాలకు మిగిలింది 0.045 × 0.045, అంటే 0.002. మొత్తం 0.007. లెక్కలో చూపిన 0.0025కు దాదాపు మూడు రెట్లు. ఈ భాగం మూడో క్రషర్ కొన్నా తగ్గదు. తడి బొగ్గు జారేలా చూట్‌కు మరింత ఏటవాలు, లోపల నున్నటి లైనింగ్, వేర్వేరు కరెంటు ఫీడర్లు, ఇవే దాన్ని తగ్గించేవి.

ఇక నెలల తరబడి కదలని స్టాండ్‌బై సంగతి. దాని బేరింగుల్లో బరువంతా ఒకే చోట మోపి ఉంటుంది, పక్కన నడిచే యంత్రం అదురు అక్కడే తగులుతుంది. గేర్‌బాక్స్‌లో నూనె కిందికి దిగి పైపళ్ళు ఆరి తుప్పు పడతాయి. పిలిచినప్పుడు అది పదిసార్లలో ఎనిమిదిసార్లే లేస్తే, జత పనికిరాకుండా ఉండే అవకాశం 0.0025 కాదు, 0.012. ఏడాదికి 22 గంటలు అనుకున్నది 105 అవుతుంది. అందుకే ఏ, బీలను వంతులవారీగా మార్చి నడుపుతారు. కొందరు షిఫ్టువాళ్ళకు ఇది నచ్చదు. బాగా నడిచేదాన్ని ఆపి ఇంకోదాన్ని కదిలించడమెందుకని వాళ్ళ వాదన. లాగ్‌బుక్‌లో స్టాండ్‌బైని ఎన్నిసార్లు పిలిచారో, మొదటి ప్రయత్నంలో ఎన్నిసార్లు లేచిందో రెండు గడుల్లో రాసుకుంటే, ఆ ఎనిమిదీ పదీ నిజంగా ఎంతో ఎవరికైనా తెలిసిపోతుంది.