‘ఎక్స్‌పైర్ అయ్యారండీ’: సొంత కథలో ఇంగ్లీషు ఎక్కడ మొదలవుతుంది?

“నాన్నగారు ఎక్స్‌పైర్ అయ్యారండీ.”

తెలుగు ఇళ్ళలో చావు కబురు చాలాసార్లు ఇలాగే వస్తోంది. పోయారు, చనిపోయారు, కాలం చేశారు, కన్నుమూశారు... తెలుగులో మాటలకు కొదవ లేదు. అయినా ఫోను చేసిన మనిషి సరిగ్గా ఆ ఒక్క మాట దగ్గర ఇంగ్లీషులోకి వెళ్తాడు. మందుల అట్ట మీద గడువు తేదీకి వాడే మాటను తండ్రికి వాడుతున్నానని అతనికి తోచదు. తోచినా, “పోయారు” అనడానికి ఆ నిమిషంలో నోరు రాదు.

అదే మనిషి ఆర్నెల్ల తర్వాత తండ్రి గురించి నాలుగు పేజీలు రాయాలని కూర్చుంటే మొదటి వాక్యంలోనే చిక్కొచ్చి పడుతుంది. “ఎక్స్‌పైర్ అయ్యారు” అని రాస్తే చులకనగా కనిపిస్తుంది. “పరమపదించారు” అని రాస్తే అది తను అన్న మాట కాదు. స్వానుభవం రాసే తెలుగువాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. నోట్లో ఉన్న ఇంగ్లీషును కాగితం మీద ఉంచాలా, తీసెయ్యాలా?

దీనికి జవాబు వెతికే ముందు ఏది ఇంగ్లీషో తేల్చుకోవాలి. బస్సు, కారు, రోడ్డు, ఫోను అన్న మాటల చివర ఉకారం చేరిపోయింది. “బస్సులో”, “రోడ్డు మీద”, “ఫోనుకి” అని విభక్తులు వాటికి తెలుగు మాటలకు అతికినట్టే అతుకుతాయి. క్రియలకైతే పక్కన “చేయు”, “అవు” వచ్చి నిలబడతాయి. “పెళ్ళి క్యాన్సిల్ చేశారు” అంటే ఎవరో పనిగట్టుకుని చేసినట్టు. “పెళ్ళి క్యాన్సిల్ అయింది” అంటే దానంతట అది ఆగిపోయినట్టు. మాట ఇంగ్లీషుదే గానీ ఈ తేడా చూపించేది తెలుగు వ్యాకరణం. ఇలాంటివి భాష మారడం కిందికి రావు, అరువు తెచ్చుకుని ఇంట్లో కలిపేసుకున్నవి. “ఫోను మోగింది” అన్న చోట “దూరవాణి” అని దిద్దితే తెలుగు పెరగదు సరికదా, రాసిన మనిషి మాయమవుతాడు.

భాష నిజంగా మారేది వేరే చోట. కూతురు తండ్రితో తెలుగులో పోట్లాడుతూ పోట్లాడుతూ చటుక్కున “ఇట్స్ మై లైఫ్” అంటుంది. అక్కడ వ్యాకరణమూ మారింది, మాట్లాడే మనిషి నిలబడ్డ చోటూ మారింది. మరి “ఎక్స్‌పైర్ అయ్యారు” ఎటు చేరుతుంది? వ్యాకరణం ప్రకారం అది అరువు మాటే, పక్కన “అవు” ఉంది కాబట్టి. కానీ “బస్సు”కు ఇంట్లో వేరే మాట లేదు, దీనికి నాలుగైదు ఉన్నాయి. ఉన్న మాటల్ని దాటేసి దీన్ని పట్టుకున్నారంటే కారణం ఉంటుంది. రాసేవాళ్ళు ఆగి చూడాల్సింది ఇలాంటి మాటల దగ్గరే.

రెండు భాషలు కలిపి మాట్లాడటం రెండూ సరిగా రాకపోవడం వల్లనే అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. న్యూయార్కులోని ప్యూర్టోరికన్ల మాటతీరును గమనించిన భాషాశాస్త్రవేత్త షానా పోప్లాక్ 1980లో ఒక వ్యాసం రాశారు. దాని పేరే ఇంగ్లీషులో మొదలై స్పానిష్‌లో ముగుస్తుంది. వాక్యం మధ్యలో భాష మార్చడం, ఎక్కడా వ్యాకరణం దెబ్బతినకుండా మార్చడం, రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ళే ఎక్కువగా చేస్తారని ఆమె గమనించారు. మార్పుకు ఒక పని ఉంటుందని జాన్ గంపెర్జ్ 1982 నాటి పుస్తకంలో వివరించారు. ఎవరో అన్న మాటను యథాతథంగా అప్పజెప్పడానికి, గుంపులో ఒకరినే ఉద్దేశించి మాట్లాడటానికి, ఒకే మాటను రెండోసారి నొక్కి చెప్పడానికి, చెబుతున్న విషయానికి దగ్గరగానో దూరంగానో జరగడానికి మనుషులు భాష మారుస్తారు. ఆయన గమనించిన జంటల్లో హిందీ-ఇంగ్లీషు కూడా ఉంది.

వీటిలో స్వానుభవం రాసేవాళ్ళకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ చివరిది, దూరం జరగడం.

2003లో అచ్చయిన ఒక పరిశోధన దీన్ని చర్మం మీద కొలిచి చూసింది. క్యాథరిన్ హారిస్ బృందం, మాతృభాష టర్కిష్ అయ్యి ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్న పెద్దవాళ్ళ వేళ్ళకు ఎలక్ట్రోడ్లు తగిలించి, రెండు భాషల్లోనూ రకరకాల మాటలు వినిపించింది. చిన్నప్పుడు పెద్దవాళ్ళు తిట్టే తిట్లు, “సిగ్గు లేదూ” లాంటివి, టర్కిష్‌లో విన్నప్పుడు చర్మంలో స్పందన ఎక్కువగా కనిపించింది. అదే అర్థమున్న ఇంగ్లీషు మాటలకు అంత కనిపించలేదు. తెలుగువాళ్ళు సారీ, థాంక్స్, ఐ లవ్యూ, డైవర్స్ అన్న మాటల్ని ఇంగ్లీషులోనే అనడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం. కానీ తండ్రితో “సారీ నాన్నా” అనగలిగిన కొడుకు “నన్ను క్షమించు” అని ఎందుకు అనలేడో కొంత అర్థమవుతుంది. ఇంగ్లీషు మాట ఆ దగ్గర చేతికి తొడుక్కున్న గుడ్డ లాంటిది, వేడి గిన్నె దించడానికి.

ఇంగ్లీషు మాటకు పని అప్పజెప్పడం తెలుగు రచనలో కొత్తేమీ కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శనకెక్కింది, 1897లో అచ్చయింది, 1909లో చాలా మార్పులతో మళ్ళీ వచ్చింది. అందులో గిరీశం ఇంగ్లీషు దంచేది విషయం చెప్పడానికి కాదు, వెంకటేశాన్ని బోల్తా కొట్టించడానికి. ఆ ఇంగ్లీషును తెలుగు చేసేస్తే గిరీశమే మిగలడు. వాడుక భాషలో నాటకం రాసిన గురజాడ దాని ముందుమాటను మాత్రం ఇంగ్లీషులో రాశారు. ఏ మాట ఎవరిని ఉద్దేశించిందన్న లెక్క ఆయన దగ్గర అంత స్పష్టంగా ఉంది.

ఇప్పుడొక పేరాను పట్టుకుని చూద్దాం. ఇది ఉదాహరణ కోసం అల్లినదే. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒకావిడకు ఊళ్ళో ఇల్లు అమ్మేస్తున్నామని తండ్రి ఫోను చేశాడు. దాన్ని రాయడానికి కూర్చుంది. మొదటి ప్రయత్నం ఇలా వచ్చింది:

“నేను కార్యాలయంలో విధి నిర్వహణలో ఉండగా తండ్రిగారు దూరవాణిలో గృహ విక్రయం గురించి తెలియజేశారు. నా హృదయం ద్రవించింది.”

తండ్రి గొంతు వినిపించదు, కూతురి గొంతూ వినిపించదు. విసిగి రెండోసారి మొదలుపెట్టింది:

“నేను ఆఫీస్‌లో ఉన్నప్పుడు డాడ్ కాల్ చేసి హౌస్ సేల్ చేస్తున్నామని ఇన్ఫామ్ చేశారు. ఐ వాజ్ షాక్డ్. చాలా ఇమోషనల్ అయిపోయాను.”

ఇది నోటిమాటకు దగ్గరగా ఉన్నట్టనిపిస్తుంది గానీ, ఇంట్లో ఆవిడ ఆయన్ని ఎప్పుడూ డాడ్ అనలేదు. అన్నీ ఇంగ్లీషులోనే ఉండటం వల్ల ఏ మాట దగ్గరా చదివేవాళ్ళు ఆగరు. పైగా “ఇమోషనల్” అన్న మాట ఏం జరిగిందో చెప్పకుండా తప్పించుకుంటోంది. ఏడుపొచ్చిందా, కోపమొచ్చిందా, ఏమీ అనిపించలేదా?

మూడోసారి ఆవిడ ఆ రోజు ఎవరు ఏ మాట అన్నారో మాత్రమే గుర్తు చేసుకుంది:

“మీటింగులో ఉండగా నాన్న ఫోను చేశాడు. ‘మేము ఇల్లు అమ్మేస్తున్నాం తల్లీ’ అన్నాడు. ఏమనాలో నాకు తెలుగులో తోచలేదు. ‘ఓకే నాన్నా. ఇట్స్ యువర్ డెసిషన్’ అన్నాను. మళ్ళీ మీటింగులోకి వెళ్ళి కూర్చున్నాకగానీ ‘మేము’ అన్న మాట నాకు వినపడలేదు. మొన్న సంక్రాంతి దాకా అది ‘మన ఇల్లు’.”

ఇందులో మీటింగు, ఫోను ఎవరి కంటికీ ఆనవు. భాష మారింది ఒక్క చోట, “ఇట్స్ యువర్ డెసిషన్” దగ్గర. అది కూతురు దూరం జరిగిన చోటు. తండ్రి అంతకు ముందే దూరం జరిపాడు, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా, “మనం” బదులు “మేము” అని. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఎలా వదిలేశారో చెప్పడానికి ఆవిడకు హృదయం అవసరమే రాలేదు.

ఇదే అనుభవాన్ని ఇంగ్లీషులో రాస్తే చిక్కు తిరగబడుతుంది. ఇంగ్లీషులో మనానికీ మేముకీ కలిపి ఒక్కటే మాట, “వుయ్”. తండ్రి మాటను అనువదించగానే దెబ్బ తగిలిన చోటు కనిపించకుండా పోతుంది. అమెరికాలో పెరిగి ఇంగ్లీషులో రాసే తెలుగు పిల్లలు ఇలాంటి చోట తెలుగు మాట పెట్టి పక్కన కుండలీకరణాల్లో అర్థం ఇస్తుంటారు. దాంతో కథ ఆగి పాఠం మొదలవుతుంది. దాని బదులు ఆ మాటను అలాగే ఉంచి, మొన్నటి దాకా ఆయన ఏ మాట అనేవాడో పక్క వాక్యంలో చెబితే, తెలుగు రానివాళ్ళకూ తేడా అందుతుంది. పై పేరాలో సంక్రాంతి చేసిన పని అదే.

వర్ణక్రమం కూడా ఇందులో భాగమే. నాయనమ్మ “ఇస్కూలు” అంటుంది, నాన్న “స్కూలు” అంటాడు, మనవడు “స్కూల్” అని హల్లుతో ఆపేస్తాడు. ఒకే మాటను మూడు తరాలు మూడు రకాలుగా పలుకుతాయి. అన్నిటినీ ఒకే రూపంలోకి దిద్దితే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పడానికి అదనంగా ఇంకో వాక్యం కావాలి. అలాగని నాయనమ్మ ప్రతి మాటనూ యాసతో రాస్తూ, రాసే మనిషి మాత్రం శుద్ధంగా మాట్లాడితే అది వెక్కిరింతగా మారుతుంది. ఆ ప్రమాదాన్ని పసిగట్టే పద్ధతి ఒకటుంది. రాసే మనిషి సొంత మాటల్నీ పలికినట్టే రాశారా లేదా చూడాలి.

చైనీస్ కుటుంబంలో పుట్టిన అమెరికన్ రచయిత్రి ఏమీ టాన్ 1990లో ‘మదర్ టంగ్’ అనే వ్యాసంలో ఈ సంగతే రాశారు. బయటివాళ్ళు ఆమె తల్లి మాట్లాడే ఇంగ్లీషును విరిగిన ఇంగ్లీషు అనేవారు. ఒకసారి తన రచన గురించి మాట్లాడుతుండగా సభలో తల్లి కూడా కూర్చుని ఉంది. తల్లితో ఎన్నడూ వాడని ఇంగ్లీషులో మాట్లాడుతున్నానని టాన్‌కు అప్పుడు స్ఫురించింది. ‘ది జాయ్ లక్ క్లబ్’ నవల రాసేటప్పుడు ఆమె తన పాఠకురాలిగా తల్లినే ఊహించుకున్నారు. పుస్తకం చదివాక ఆ తల్లి ఇచ్చిన తీర్పు, చదవడం సులువుగా ఉందని.

ఇంటి సంగతి రాసి ముగించినవాళ్ళు అచ్చుకు పంపే ముందు ఆ పేజీలను ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించి చూడండి, వీలైతే అందులో ఉన్న మనిషికే. “నేనలా అన్నానా?” అని వాళ్ళు అడ్డుపడిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టుకోండి. దిద్దడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.