అనాదరణ పొందిన వినిమయ బిల్లు: ఇరువురు వర్తకుల పుస్తకాల్లో నమోదు

అరువు అమ్మకంలో సరుకు ముందుగా చేతులు మారుతుంది, సొమ్ము తరువాత వస్తుంది. ఈ మధ్యకాలంలో అమ్మినవాని వద్ద మిగిలేది ఆవర్జాలోని ఒక బాకీ మాత్రమే. వినిమయ బిల్లు ఆ బాకీని సంతకాలతో కూడిన పత్రంగా మారుస్తుంది. పత్రం కనుక దానిని ఇతరులకు బదిలీ చేయవచ్చు, గడువుకు ముందే బ్యాంకుకు ఇచ్చి నగదు పొందవచ్చు. ఇంతవరకు పద్దులు సులభం. బ్యాంకు చేతిలో ఉన్న బిల్లుకు గడువునాడు సొమ్ము ముట్టనప్పుడు ఎవరి పుస్తకంలో ఏది రాయాలన్న చోటనే పొరపాట్లు జరుగుతాయి.

ఇక్కడ పరిభాష గురించి ఒక మాట చెప్పాలి. వాణిజ్య శాస్త్ర పాఠ్యపుస్తకాలు బిల్లు సొమ్ము చెల్లించడాన్ని 'ఆదరణ' అనీ, చెల్లించకపోవడాన్ని 'అనాదరణ' అనీ వ్యవహరిస్తాయి. నిత్యవ్యవహారంలో ఆదరణకు ఆప్యాయత అన్న అర్థమే బలంగా ఉండటం వల్ల అనాదరణ అనగానే పాఠకుడు బిల్లును తీసుకోవడానికే నిరాకరించడం అనుకునే అవకాశం ఉంది. నిజానికి చట్టంలో రెండూ ఉన్నాయి. బిల్లుపై అంగీకారం తెలపకపోవడం ఒక అనాదరణ, అంగీకరించి గడువునాడు చెల్లించకపోవడం మరొకటి. ఈ వ్యాసం రెండవదానికి పరిమితం.

బిల్లు పుట్టుక, గడువు

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులోని మిర్చి టోకు వర్తకుడు 2025 జూన్ 10న రాజమహేంద్రవరం వర్తకునికి పన్నులతో కలిపి 1,50,000 రూపాయల సరుకును అరువుపై అమ్మాడు. (పన్నును విడదీసి చూపే పద్దులు ఇక్కడ అవసరం లేదు కనుక మొత్తాన్ని అమ్మకంగానే చూద్దాం.) అదే రోజు గుంటూరు వర్తకుడు బిల్లు రాశాడు: 'ఈ తేదీ నుండి మూడు నెలల తరువాత, విలువ ముట్టినందున, నాకు గానీ నేను ఆదేశించినవారికి గానీ 1,50,000 రూపాయలు చెల్లించవలెను.' రాసినవాడు బిల్లుకర్త. రాజమహేంద్రవరం వర్తకుడు దానిపై 'అంగీకరించాను' అని రాసి సంతకం చేసి తిరిగి పంపాడు. ఆ సంతకంతో అతడు స్వీకర్త అయ్యాడు. సంతకం లేనంతవరకు ఆ కాగితం ఒక ఆజ్ఞ మాత్రమే, దాని వల్ల అతనికి బిల్లు బాధ్యత ఏర్పడదు.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 22వ సెక్షను ఇటువంటి బిల్లుకు మూడు అనుగ్రహ దినాలు ఇస్తుంది. మూడు నెలలకు సెప్టెంబరు 10, మరో మూడు రోజులు కలిపితే 13. అయితే 2025 సెప్టెంబరు 13 రెండవ శనివారం, బ్యాంకులకు సెలవు. గడువు సెలవురోజున పడితే దానికి ముందరి పనిదినమే గడువు అని 25వ సెక్షను చెబుతుంది. కాబట్టి బిల్లు సెప్టెంబరు 12నే చెల్లించాలి. సెలవు వస్తే గడువు ముందుకు సాగుతుందని భావించి సోమవారం సొమ్ము సిద్ధం చేసుకునే స్వీకర్త అప్పటికే బిల్లును అనాదరించినవాడవుతాడు.

గుంటూరు పుస్తకంలో అమ్మకం పద్దు తరువాత వసూలు బిల్లుల ఖాతా డెబిట్, రాజమహేంద్రవరం వర్తకుని ఖాతా క్రెడిట్ అవుతాయి. రాజమహేంద్రవరం పుస్తకంలో కొనుగోలు పద్దు తరువాత గుంటూరు వర్తకుని ఖాతా డెబిట్, చెల్లింపు బిల్లుల ఖాతా క్రెడిట్ అవుతాయి. అంటే ఇద్దరి పుస్తకాల్లోనూ ఎదుటి మనిషి ఖాతా సున్నాకు వస్తుంది. బాకీ తీరలేదు, మనిషి పేరు నుండి బిల్లు పేరుకు మారింది.

డిస్కౌంటు

గుంటూరు వర్తకునికి జులై 1న నగదు అవసరమైంది. బిల్లు వెనుక సంతకం చేసి బ్యాంకుకు ఇచ్చాడు. గడువుకు 73 రోజులు, అంటే సంవత్సరంలో సరిగ్గా అయిదవ వంతు ఉంది. 12 శాతం రేటు చొప్పున డిస్కౌంటు 3,600 రూపాయలు. మిగిలిన 1,46,400 అతని బ్యాంకు ఖాతాలో జమ అయింది. బ్యాంకు ఖాతా 1,46,400, డిస్కౌంటు ఖాతా 3,600 డెబిట్. వసూలు బిల్లుల ఖాతా 1,50,000 క్రెడిట్. రాజమహేంద్రవరంలో ఈ రోజు ఏ పద్దూ లేదు. బిల్లు ఎవరి చేతిలో ఉన్నా స్వీకర్త చెల్లించవలసిన మొత్తం మారదు కనుక అతనికి ఇది లావాదేవీయే కాదు.

జులై 1 తరువాత గుంటూరు పుస్తకం చూసినవారికి బాకీ వసూలైపోయినట్లే కనిపిస్తుంది. వెనుక చేసిన సంతకం మాత్రం ఇంకా బతికే ఉంది. స్వీకర్త చెల్లించకపోతే బ్యాంకు బిల్లుకర్తను అడుగుతుంది. గడువు తీరకముందే ఆర్థిక సంవత్సరం ముగిస్తే ఈ 1,50,000ను ఆస్తి అప్పుల పట్టికలో కాక, దాని దిగువన సంభావ్య బాధ్యతగా చూపాలి.

సెప్టెంబరు 12

బ్యాంకు బిల్లును సమర్పించింది, సొమ్ము రాలేదు. నోటరీ అధికారి బిల్లుపై అనాదరణ విషయం, తేదీ, కారణం నమోదు చేశాడు. దీనికి 300 రూపాయలు అయింది. దేశీయ బిల్లుకు ఈ నమోదు తప్పనిసరి కాదు, కానీ వివాదంలో సాక్ష్యంగా నిలుస్తుంది. బిల్లుకర్తకు తెలియపరచడం మాత్రం ముఖ్యం. సకాలంలో నోటీసు ఇవ్వకపోతే, చట్టం మినహాయించిన సందర్భాల్లో తప్ప, అతడు బాధ్యత నుండి తప్పించుకోగలడు. స్వీకర్తకు అటువంటి నోటీసు అవసరం లేదు. చెల్లించనిది తానేనని అతనికి తెలుసు.

బ్యాంకు 1,50,300 రూపాయలను గుంటూరు వర్తకుని ఖాతా నుండి తీసుకుంది. అతని చిట్టాలో పద్దు ఇలా ఉంటుంది:

రాజమహేంద్రవరం వర్తకుని ఖాతా, డెబిట్: 1,50,300
బ్యాంకు ఖాతా, క్రెడిట్: 1,50,300

రాజమహేంద్రవరం చిట్టాలో:

చెల్లింపు బిల్లుల ఖాతా, డెబిట్: 1,50,000
నోటింగు ఖర్చుల ఖాతా, డెబిట్: 300
గుంటూరు వర్తకుని ఖాతా, క్రెడిట్: 1,50,300

నోటరీకి సొమ్ము ఇచ్చింది బ్యాంకు, దానిని భరించింది బిల్లుకర్త. అయినా ఖర్చు స్వీకర్త పుస్తకంలోనే నష్టంగా పడుతుంది, ఎందుకంటే దానికి కారణం అతని చెల్లింపు లోపం.

ఇక్కడ రెండు తప్పులు తరచుగా కనిపిస్తాయి. మొదటిది, గుంటూరు పుస్తకంలో బ్యాంకుకు బదులు వసూలు బిల్లుల ఖాతాను క్రెడిట్ చేయడం. బిల్లు గడువు వరకు తన వద్దే ఉండి ఉంటే అది సరైన పద్దు. డిస్కౌంటు చేసిన నాడే ఆ ఖాతా ముగిసింది కనుక ఇప్పుడు మళ్లీ క్రెడిట్ చేస్తే 1,50,000 క్రెడిట్ నిల్వ తేలుతుంది. చేతిలోని బిల్లులను చూపే ఆస్తి ఖాతాకు క్రెడిట్ నిల్వ ఉండటం అసంభవం. ఆ నిల్వే తప్పును పట్టిస్తుంది.

రెండవది, 3,600 డిస్కౌంటును కూడా స్వీకర్తపై వేసి 1,53,900 డెబిట్ చేయడం. ఆ 3,600 గుంటూరు వర్తకుడు తన అవసరానికి ముందుగా నగదు తెచ్చుకున్నందుకు చెల్లించిన మూల్యం. దానితో స్వీకర్తకు సంబంధం లేదు. ఇద్దరూ ఖాతాల నకళ్లు మార్చుకున్నప్పుడు ఒకచోట 1,53,900, మరొకచోట 1,50,300 కనిపిస్తే వ్యత్యాసం సరిగ్గా 3,600 అని గమనించడం చాలు.

తిరిగి లేచిన బాకీని వసూలు చేసుకునే మార్గం సివిల్ దావాయే. అనాదరణకు శిక్ష విధించే 138వ సెక్షను చెక్కులకు మాత్రమే వర్తిస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద బిల్లులపై సంక్షిప్త విచారణకు వీలుంది. వర్తకులు సాధారణంగా అంతదూరం పోరు. రాజమహేంద్రవరం వర్తకుడు 50,300 నగదు ఇచ్చి, మిగిలిన లక్షకు రెండు నెలల గడువు కోరితే, 12 శాతం చొప్పున 2,000 వడ్డీ కలిపి 1,02,000కు కొత్త బిల్లు రాస్తారు. ఆ వడ్డీ గుంటూరులో ఆదాయం, రాజమహేంద్రవరంలో ఖర్చు. పాత బిల్లు అనాదరణ పద్దులు ముందుగా పూర్తయితేనే కొత్త బిల్లు పద్దు నిలుస్తుంది.