నల్ల గళ్ల దారిన నడిచిన రాజు

1991లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో జరిగిన టోర్నమెంటులో ఇంగ్లండ్ ఆటగాడు నైజెల్ షార్ట్, డచ్ ఆటగాడు యాన్ టిమ్మన్ తలపడ్డారు. ఆ ఆటలో మంత్రులు, నాలుగు ఏనుగులు ఇంకా బల్ల మీద ఉండగానే షార్ట్ తన రాజును కోటలోంచి బయటికి తీసి, ఒక్కో గడీ నడిపిస్తూ ఎదుటివాడి గుమ్మం దాకా తీసుకుపోయాడు. ఆ నడకను ఎవరూ ఆపలేకపోయారు. ఆ రాజు అడుగుపెట్టిన గళ్లన్నీ నల్లవే. అసలు సంగతంతా ఆ రంగులోనే ఉంది.

క్లబ్బుల్లో బిషప్ అని పిలిచే శకటు ఐమూలగా నడుస్తుంది. అందుకే తెల్ల గడిలో పుట్టిన శకటు చివరిదాకా తెల్ల గళ్లలోనే తిరుగుతుంది, నల్ల గడిని ముట్టలేదు. ఈ మాట అందరికీ తెలిసిందే. బంటు గురించి కూడా ఇలాంటిదే ఒకటుంది, దాన్ని మాత్రం చాలామంది గమనించరు. బంటు ముందుకు నడిచినా, చంపేది ఐమూలగానే. అంటే అది ఏ రంగు గడిలో నిలబడితే ఆ రంగు గళ్లనే కాపలా కాస్తుంది. తెల్ల గడిలో ఉన్న బంటు పక్కనున్న నల్ల గడిని కాయలేదు. రాజు ముందున్న బంట్లన్నీ తెల్ల గళ్లలో చేరాయనుకోండి, నల్ల గళ్లను చూసుకోవడానికి మిగిలేది నల్లగడి శకటు ఒక్కటే. అది మారకంలో పోయిందంటే ఇంటికి ఒక గోడ మొత్తం లేచిపోయినట్టే. ఏదో ఒక గడి బలహీనపడటం వేరు, ఒక రంగు గళ్లన్నీ ఒకేసారి చేజారడం వేరు.

ఇప్పుడు ఆటలోకి వెళదాం. తెల్లపావుల వైపు కూర్చుంటే నిలువు వరుసలకు ఎడమ నుంచి ఎ మొదలుకొని హెచ్ దాకా పేర్లు, అడ్డ వరుసలకు మన వైపు నుంచి 1 మొదలు 8 దాకా అంకెలు. తెల్లపావులు షార్ట్‌వి. టిమ్మన్ ఆట మొదట్లోనే జి బంటును జి6కు జరిపి, వెనక జి7లో శకటును పెట్టుకున్నాడు. ఇది ఎందరో ఆడే పద్ధతే. జి6 బంటు వల్ల ఎఫ్6, హెచ్6 గళ్లు ఖాళీ అవుతాయి, జి7 శకటు ఆ రెండింటినీ కాస్తుంది. తర్వాత 13వ ఎత్తులో టిమ్మన్ ఇ బంటును ఇ6కు నడిపాడు. దాంతో ఇ6, ఎఫ్7, జి6, హెచ్7 బంట్లు నాలుగూ తెల్ల గళ్లలో కుదురుకున్నాయి. అక్కడి నుంచి నల్ల గళ్ల బరువంతా ఆ ఒక్క శకటు మీదే పడింది.

23వ ఎత్తులో షార్ట్ తన శకటును హెచ్6కు తెచ్చి మారకం అడిగాడు. టిమ్మన్‌కు దాని విలువ తెలుసు. అందుకే మారకానికి ఒప్పుకోకుండా శకటును మూలకు, హెచ్8కు లాక్కున్నాడు. కానీ మూలలో ఇరుక్కున్న శకటు చేసే పనేముంది? షార్ట్ ఏనుగు డి8 దాకా దూసుకొచ్చింది. దాన్ని చంపితే మంత్రి వచ్చి, మధ్యలో మంత్రి అడ్డుపడినా దాన్నీ చంపి ఆటకట్టు చేస్తుంది. రెండు ఎత్తులు తిరక్కుండానే శకటు మళ్లీ జి7కు రావలసి వచ్చింది. 27వ ఎత్తులో మారకం జరిగిపోయింది.

మారకం అయ్యాక లెక్క చూస్తే బలగాలు సమానమే. ఇద్దరికీ మంత్రి, రెండు ఏనుగులు, ఏడేసి బంట్లు ఉన్నాయి. షార్ట్‌కు గుర్రం, టిమ్మన్‌కు తెల్లగడి శకటు మిగిలాయి. పైగా షార్ట్ బంట్లలో రెండు సి వరుసలో ఒకదాని వెనక ఒకటి పడి ఉన్నాయి, మామూలుగా దాన్ని లోటుగానే చూస్తారు. పావులు లెక్కపెట్టి ఆట చూసేవారికి ఇక్కడ ఏ ప్రమాదమూ కనిపించదు. గళ్ల రంగు చూస్తేనే కనిపిస్తుంది.

రెండు ఎత్తుల తర్వాత షార్ట్ మంత్రి ఎఫ్6లో చెక్ చెబుతూ వచ్చి కూర్చుంది. ఇక కదల్లేదు. ఆ గడి ఎందుకంత గట్టిది? వెనక ఇ5లో నిలబడిన షార్ట్ బంటు దానికి దన్ను. ఎదుటి బంట్లేవీ ఆ గడిని తాకలేవు, మిగిలిన శకటు రంగు వేరు. ఒక గడిలో పావు నిలవాలంటే ఈ రెండూ చూసుకోవాలి. మనకు దన్నుండాలి, ఎదుటివాడికి తరిమే దారి ఉండకూడదు. దన్ను లేకుండా దూకిన పావును ఏనుగో మంత్రో వచ్చి వెనక్కి పంపుతుంది. చిన్న ఆటల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. గడి ఖాళీగా కనబడగానే దూకుతారు, దాన్ని మోసే బంటు ఉందా అని చూడరు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి, లేకపోతే ఈ సూత్రం తప్పుదారి పట్టిస్తుంది. గుర్రం రంగు చూడదు, రెండు రంగుల గళ్లనూ కాయగలదు. టిమ్మన్‌కు ఒక్క గుర్రం మిగిలి, అది ఎఫ్6 మీద కన్నేసే చోట ఉండి ఉంటే, షార్ట్ మంత్రి అంత నిబ్బరంగా కూర్చోలేకపోయేది. కానీ అతని చివరి గుర్రం 18వ ఎత్తులోనే షార్ట్ తెల్లగడి శకటుతో మారిపోయింది. మంత్రులు రెండూ మారిపోయినా ఇలాంటి రంధ్రాల వల్ల రాజుకు భయం బాగా తగ్గుతుంది, అప్పుడు రాజే బయటికొచ్చి ఆ గళ్లను చూసుకుంటాడు. కాబట్టి శకటు పోయిందా అని చూసి ఊరుకోకూడదు, దాని పని చేయగలిగిన పావు ఇంకేదైనా మిగిలిందా అన్నదీ చూడాలి.

30వ ఎత్తులో షార్ట్ హెచ్ బంటును హెచ్4కు జరిపాడు. అది హెచ్6 దాకా వస్తే మంత్రి జి7లో దిగి ఆటకట్టు. టిమ్మన్ తన హెచ్ బంటును హెచ్5లో అడ్డుపెట్టాడు. ఆ దారి మూసుకుంది, కానీ ఆ బంటు మరో తెల్ల గడికి చేరింది. హెచ్6లో ఆగగలిగిన బంటు జి5ను కాసేది. హెచ్5లో ఉన్న బంటు ఇక ఎప్పటికీ కాయలేదు.

మరి జి7లో దెబ్బ కొట్టడానికి మంత్రికి తోడెవరు? ఒక ఏనుగు డి7లో కూర్చుని ఎఫ్7 బంటును పట్టి ఉంది, రెండోది డి4లో కాపలా ఉంది. గుర్రం ఎఫ్3 విడిచి కదిలితే, సి6లో ఉన్న టిమ్మన్ మంత్రి, వెనక శకటు దన్నుతో, జి2లో షార్ట్ రాజునే కట్టేస్తుంది. చేతులు ఖాళీగా ఉన్నది రాజు ఒక్కడే. టిమ్మన్ పావులకూ కదిలే వీలు తక్కువే. ఒక ఏనుగు ఎఫ్7ను వదల్లేదు. మంత్రి ఆ ఐమూలను వదిలితే షార్ట్ గుర్రానికి స్వేచ్ఛ వస్తుంది.

31వ ఎత్తులో రాజు జి1 నుంచి హెచ్2కు కదిలాడు. తర్వాత జి3, ఆ తర్వాత ఎఫ్4. బల్ల మీద టిమ్మన్‌కు ఉన్న శకటు ఎన్ని ఎత్తులు ఆడినా ఆ గళ్లలో ఒక్కదాన్నీ తాకలేదు. తన ఏనుగును సి8కు, మళ్లీ ఇ8కు తిప్పుతూ టిమ్మన్ రెండు ఎత్తులు గడిపాడు. రాజు ఎక్కడికి పోతున్నాడో అర్థమయ్యాక శకటును సి8కు తెచ్చి డి7 ఏనుగు మీద గురిపెట్టాడు. షార్ట్ ఏనుగును కాపాడుకోలేదు, రాజును జి5కు నడిపాడు. శకటు ఏనుగును చంపితే రాజు హెచ్6కు చేరతాడు, మంత్రి జి7లో కట్టేస్తుంది. టిమ్మన్ రాజు హెచ్7కు జరిగినా షార్ట్ మంత్రి జి6 బంటును చంపి చెక్ చెబుతుంది. డి7 ఏనుగు అడ్డంగా కాస్తుండగా ఎఫ్7 బంటు కదలకూడదు, కాబట్టి ఆ మంత్రిని చంపలేదు.

ఎనిమిది ఎత్తుల కిందట షార్ట్ శకటు నిలిచిన హెచ్6కు, అదే ఐమూల వెంట, ఇప్పుడు రాజు వెళ్తున్నాడు. ఇంకో ఎత్తు ఆడకుండానే టిమ్మన్ ఓటమి ఒప్పుకున్నాడు. చంపదగ్గ ఏనుగు అతని శకటు ముందే ఉంది.