దుర్గమ్మ ముందు నల్ల చారలు

దుర్గాపూజ రోజుల్లో కోల్‌కతా వీధుల్లో ఫోను ఎత్తని చెయ్యి కనబడదు. అమెరికా నుంచి కెమెరా తెచ్చుకున్న మనవాళ్లూ ఆ జనంలో ఉంటారు. మండపం కంటికి నిండుగా వెలుగుతూ ఉంటుంది. ఇంటికెళ్లి వీడియో చూస్తే మాత్రం అమ్మవారి మీదుగా పలచని నల్ల చారలు జారుతూ కనిపిస్తాయి. కెమెరా పాడైందేమోనని కంగారు పడతారు. నిజానికి కెమెరాకు ఏ జబ్బూ లేదు. అది అమెరికా కరెంటుకు అలవాటు పడి ఉంది, అంతే.

మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది. ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు పతాక స్థాయికి చేరి, రెండుసార్లు సున్నాకు పడిపోతుంది. కాబట్టి ట్యూబులైటూ, చవక రకం ఎల్ఈడీ బల్బూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. పాత ఫిలమెంటు బల్బులో తీగ ఆ క్షణంలో పూర్తిగా చల్లారదు కనుక మినుకు తక్కువ. మన కన్ను ఇంత వేగాన్ని పట్టుకోలేదు. కెమెరా పట్టుకుంటుంది. (1899లో ఇమాంబాగ్ లేన్ కేంద్రం నుంచి కలకత్తాకు మొదట అందింది డీసీ కరెంటు. దానికి ఈ మినుకే లేదు!)

ఆ అమెరికా కెమెరానే తీసుకుందాం. సెకనుకు 30 ఫ్రేములు, షట్టరు 1/60. ఇక్కడి దీపం మినుకు ఒక్కోటి 10 మిల్లీసెకన్లు. షట్టరు తెరిచి ఉండేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు, అంటే ఒక మినుకూ, మరో మినుకులో మూడింట రెండు వంతులూ. ఆ ముక్క మినుకులో ప్రకాశవంతమైన భాగం పడిందా, చీకటి భాగం పడిందా అన్నది షట్టరు ఏ క్షణాన తెరుచుకుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పైగా సెన్సారు బొమ్మనంతా ఒకేసారి చదవదు, పై వరస నుంచి కింది వరసకు వరసగా చదువుతుంది. ఒక వరసకు వెలుగు ఎక్కువ దక్కితే మరో వరసకు తక్కువ. అదే చార.

చార ఎందుకు కదులుతుందంటే, ఒక ఫ్రేముకు మరో ఫ్రేముకు మధ్య మూడు మినుకులు పూర్తిగా గడిచి నాలుగోదాంట్లో మూడో వంతు గడుస్తుంది. అందుకే ప్రతి ఫ్రేములోనూ చార కాస్త జరుగుతుంది. నాలుగో ఫ్రేముకు మళ్లీ మొదటి చోటికి వస్తుంది. సెకనుకు పదిసార్లు ఇలా తిరిగొచ్చే అలజడిని కన్ను ఇట్టే పట్టేస్తుంది.

షట్టరును 1/50కి మార్చండి. 20 మిల్లీసెకన్లంటే సరిగ్గా రెండు మినుకులు. ఎప్పుడు తెరిచినా, ఏ వరసకైనా దక్కే వెలుగు సమానమే. ఫ్రేములు 30 ఉన్నా ఫరవాలేదు. 1/100 పెడితే ఒక పూర్తి మినుకు, అదీ మంచిదే. 24 ఫ్రేముల్లో తీసే సినిమావాళ్లు షట్టరు కోణాన్ని 180 డిగ్రీల నుంచి 172.8కి దించేది ఇందుకే. అప్పుడది 1/50 అవుతుంది.

అమెరికాలో కరెంటు 60 ఆవృత్తులు, మినుకులు 120. అక్కడ 1/60, 1/120 నప్పుతాయి. హైదరాబాద్ అలవాటుతో డాలస్‌లో 1/50 పెడితే మళ్లీ చారలే. జపాన్‌ది ఇంకా చిత్రమైన కథ. 1890ల్లో టోక్యో జర్మనీ జనరేటర్లు, ఒసాకా అమెరికా జనరేటర్లు కొన్నాయి. ఫలితంగా నేటికీ తూర్పున 50, పడమట 60. రెండుచోట్లా పనికొచ్చే 1/20 ఒకటి ఉంది గానీ, దానితో నడిచే మనిషి మసకబారిపోతాడు.

కోల్‌కతా పూజల్లో అసలు చిక్కు ఇంకొకటి. చందన్‌నగర్ కళాకారుల ఎల్ఈడీ బొమ్మల్లో చిన్న దీపాల వెలుగును తగ్గించీ పెంచీ ఆడించేది కంట్రోలరు. అది వాటిని తన సొంత లయలో వెలిగించి ఆర్పుతుంటుంది, దానికి కరెంటు ఆవృత్తితో సంబంధం లేదు. 1/50 పెట్టాక మండపంలో చారలు పోయి, నెమలి బొమ్మ మీద మాత్రం మిగిలాయంటే దోషం అక్కడిదే. కొన్ని కెమెరాల్లో షట్టరును 1/50.3 లాంటి సన్నని మెట్లలో కదపొచ్చు. తెర మీద చార పలచబడి, మాయమయ్యేదాకా నెమ్మదిగా జరపాలి. రెండూ ఒకే ఫ్రేములో ఉంటే రెంటినీ మెప్పించడం ప్రతిసారీ కుదరదు. నేనైతే అమ్మవారి ముఖం మీది దీపాన్నే ఎంచుకుంటాను.

నిమజ్జనం ఊరేగింపులో బండి మీది దీపాలు డీజిల్ జనరేటరుతో వెలుగుతుంటే 1/50నీ పూర్తిగా నమ్మలేం. బరువు తక్కువగా ఉన్నప్పుడు జనరేటరు వేగం పెరిగి ఆవృత్తి 51, 52 దాకా పోవచ్చు. అప్పుడు 1/50లోనూ లేత చారలు పాకుతాయి. 1/52కి జరిపితే సర్దుకుంటాయి, మరో నాలుగు లైట్లు వేసి బరువు పెంచితే మళ్లీ వెనక్కి జరపాలి.