గుమ్మం ఎత్తేటప్పుడు నన్ను తలచుకోండి

ఊళ్లో వ్యాపారులంతా వారానికోసారి పొద్దున్నే ఒక హోటల్ హాల్లో కలుస్తారు. ఇడ్లీ, కాఫీ అయ్యాక ఒకరి తర్వాత ఒకరు లేచి తన గురించి ఒక్క నిమిషం చెప్పాలి. ఒకరు టైము చూస్తుంటారు. నిమిషం కాగానే గంట మోగుతుంది, మాట మధ్యలో ఉన్నా సరే కూర్చోవాల్సిందే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇలాంటి సమావేశాలు చాలాకాలంగా జరుగుతున్నాయి. వీటిలో బాగా పేరున్న బీఎన్‌ఐని 1985లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఐవాన్ మైజ్నర్ మొదలుపెట్టారు. అక్కడ ఒక బృందంలో ఒక వృత్తికి ఒక్కరినే చేర్చుకుంటారు. ఈ పద్ధతి ఇంకా పాతది. 1905లో షికాగోలో పుట్టిన రోటరీ క్లబ్బు తొలినాళ్లలో వృత్తికొకరు చొప్పునే చేర్చుకుంది.

కొత్తగా చేరిన చిన్న షాపు యజమానికి ఆ నిమిషం అంటే దడ. నలుగురిలో మాట్లాడటం రాకపోవడమే కారణమని అనుకుంటారు గానీ, అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ హాల్లో కూర్చున్న నలభై మందీ తన కొనుగోలుదారులనుకుని మాట్లాడతారు. వాళ్లలో ఆ వారం మీ సరుకు కావలసినవాళ్లు ఒకరున్నా గొప్పే. వాళ్లు అక్కణ్నుంచి లేచి వెళ్లాక బంధువుల ఇంట్లో, ఆఫీసులో, బ్యాంకులో రోజూ ఎందరితోనో మాట్లాడతారు. ఆ మాటల్లో ఎక్కడో మీ పేరు రావాలి. రావాలంటే వాళ్ల చెవిన ఏం వేసి పంపాలి?

గుంటూరులో ఒక ఎలక్ట్రికల్ షాపు యజమానిని తీసుకుందాం. మొదటి వారం ఆయన సాధారణంగా చెప్పేది ఇది: “అందరికీ నమస్కారం. నా పేరు ఫలానా. మాది ఫలానా ఎలక్ట్రికల్స్. ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాం. మా దగ్గర వైర్లు, స్విచ్‌లు, ఫ్యాన్లు, లైట్లు, మోటార్లు, స్టార్టర్లు అన్ని కంపెనీలవీ దొరుకుతాయి. క్వాలిటీ, సర్వీసు మా ప్రత్యేకత. ఎవరికైనా ఎలక్ట్రికల్ సామాను కావాలంటే మా షాపుకు పంపండి.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. వినేవాడికి పట్టుకోవడానికీ ఒక్కటీ లేదు. షాపు పేరు తీసేసి పక్క వీధి షాపు పేరు పెట్టినా సరిగ్గా సరిపోతుంది. “ఎవరికైనా” అన్న మాట వినగానే ఏ ముఖమూ గుర్తుకు రాదు. బల్బు కాలిపోయినవాడు ఎవర్నీ అడగడు, వీధి చివర ఏ షాపు ఉంటే అందులో కొంటాడు. దానికి సిఫార్సు అక్కర్లేదు.

అందుకే మాటలు రాసుకునే ముందు బిల్లుబుక్కు తీయాలి. ఏ బిల్లు పెద్దది, ఏ బిల్లు ఎవరో ఒకరు చెబితే వచ్చింది అని చూస్తే, ఎలక్ట్రికల్ షాపులో దాదాపు ఎప్పుడూ తేలేది కొత్త ఇంటి వైరింగే. ఒక ఇంటికి వైరు, పైపులు, బాక్సులు, స్విచ్‌లు, ఫ్యాన్లు కలిపితే నెలల తరబడి నడిచే ఖాతా అది. అయితే ఆ ఖాతా ఏ షాపులో తెరవాలో చాలాసార్లు ఇంటాయన నిర్ణయించడు, ఎలక్ట్రీషియన్ నిర్ణయిస్తాడు. తనకు అలవాటైన షాపుకు ఇంటాయనను వెంటబెట్టుకుని వెళతాడు. ఒకసారి అక్కడ లెక్క మొదలయ్యాక ఎవరెంత చెప్పినా ఆ ఇల్లు మీకు రాదు. కాబట్టి మీ పేరు అంతకుముందే ఆ ఇంటికి చేరాలి.

ఎంత ముందు? ఇల్లు కట్టే వరస చూస్తే జవాబు దొరుకుతుంది. స్లాబు పోసే ముందు కమ్మీల మధ్య పైపులు వేస్తారు. గోడలు లేచాక వాటిని కోసి పైపులు, బాక్సులు పెడతారు. ప్లాస్టరింగ్ అయ్యాక వైర్లు లాగుతారు. రంగులయ్యాక స్విచ్‌లు బిగిస్తారు. పెద్ద ఖర్చు వైర్లతో మొదలవుతుంది. అంటే ప్లాస్టరింగ్‌కు బాగా ముందే కబురు అందాలి. ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. హాల్లో ఉన్న పళ్ల డాక్టరుకో, ట్రావెల్స్ ఆయనకో తమ చుట్టం ఇల్లు ఏ దశలో ఉందో తెలియదు. “ప్లాస్టరింగ్ దశలో ఉన్న ఇళ్లు చెప్పండి” అంటే సివిల్ ఇంజనీరుకు తప్ప ఎవరికీ పనికిరాదు.

మన ఇళ్లలో అందరికీ తెలిసే దశ ఒకటుంది. గుమ్మం ఎత్తడం. ముహూర్తం పెట్టి, పసుపు కుంకుమలు రాసి, మామిడాకులు కట్టి, అయినవాళ్లను పిలుస్తారు. అది స్లాబుకు ముందు జరగొచ్చు, తర్వాత జరగొచ్చు. ప్లాస్టరింగ్‌కు మాత్రం ముందే. ఆ పిలుపు డాక్టరుకూ వస్తుంది, ఆడిటరుకూ వస్తుంది, ట్రావెల్స్ ఆయనకూ వస్తుంది. షాపు యజమాని కోరవలసింది ఆ పిలుపునే. ఇప్పుడు ఆ నిమిషం ఇలా మారుతుంది:

“నమస్కారం. నేను ఫలానా. అరండల్‌పేటలో ఫలానా ఎలక్ట్రికల్స్ నాది. కొత్త ఇళ్లకు వైరింగ్ సామాను ఇస్తాను. మిమ్మల్ని ఎవరైనా ‘గుమ్మం ఎత్తుతున్నాం, రండి’ అని పిలిస్తే ఆ రోజు నన్ను గుర్తు చేసుకోండి. ఆ ఇంటాయనతో ఒక్క మాట అనండి: ‘వైర్లు కొనేముందు చెప్పు, మా వాడొకడున్నాడు, వచ్చి గది గదికీ లెక్క రాసిస్తాడు’ అని. దానికి డబ్బులు తీసుకోను. వాళ్ల ఎలక్ట్రీషియన్ కూడా పక్కన ఉంటే ఇంకా మంచిది. మొన్న ఒక ఇంటివాళ్లు అన్ని గదులకూ ఒకే సైజు వైరు కొందామని వచ్చారు. లెక్క వేస్తే లైట్లకు సన్నది సరిపోయింది, ఏసీకి మాత్రం లావుది కావలసి వచ్చింది. సీలు తీయని కాయిల్ మిగిలితే వాపసు తీసుకుంటాను. ఈ వారం నాకు కావలసింది ఒక్కటే, గుమ్మం ఎత్తబోతున్న ఇల్లు. నేను ఫలానా, ఫలానా ఎలక్ట్రికల్స్.”

ఇది 90 మాటల లోపే ఉంది. తెలుగులో తడబడకుండా, తొందరపడకుండా మాట్లాడితే నిమిషంలో అంతకంటే పెద్దగా ఎక్కువ మాటలు పట్టవు. తెలుగు మాట ఇంగ్లీషు మాటకంటే పొడుగు కాబట్టి, ఇంగ్లీషు పుస్తకాల్లో నిమిషానికి 130, 150 అని రాసిన లెక్క మనకు పనికిరాదు. ఆ లెక్కన రాసుకొచ్చినవాళ్లే సగంలో గంట మోగి నీళ్లు నమిలేది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఇంట్లో నిలబడి చదివితే 50 సెకన్లకు అయిపోవాలి. హాల్లో ఎవరో దగ్గడం, నవ్వడం, మైకు అందుకోవడం మిగతా పది సెకన్లనూ తినేస్తాయి.

అడగవలసింది రెండుసార్లు వచ్చిందని గమనించారా? మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. చాలామంది అడగడాన్ని ఆఖరు వాక్యానికి దాచుకుంటారు, గంట సరిగ్గా అక్కడే మోగుతుంది. పేరు కూడా రెండుసార్లు రావాలి. మొదట చెప్పిన పేరు ఎవరికీ గుర్తుండదు. అప్పటికి వాళ్లింకా మీ ముందు మాట్లాడినాయన గురించే ఆలోచిస్తుంటారు.

ఆ చిన్న కథ దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. ఇంటి వైరింగులో లైట్లు, ఫ్యాన్లకు ఒకటి లేదా ఒకటిన్నర ఎంఎం, పవర్ ప్లగ్గులకు రెండున్నర, ఏసీ, గీజర్లకు నాలుగు వేయడం మామూలు. కాయిల్ సాధారణంగా 90 మీటర్లుంటుంది. ఇదంతా షాపు యజమానికి కంఠతా వచ్చు కాబట్టి ఆ నిమిషంలో గుప్పించాలని నోరు లాగుతుంది. గుప్పిస్తే పళ్ల డాక్టరు ఫోను తీస్తాడు. “సన్నది, లావుది” అంటే చాలు. ఆయన దాన్ని ఇంకొకరికి తిరిగి చెప్పగలడు. వినేవాడు మీ మాటను మూడోమనిషికి అప్పజెప్పగలడా లేదా అన్నదే రాసిన ప్రతి వాక్యానికీ పరీక్ష. కథ మాత్రం నిజంగా మీ షాపులో జరిగినదై ఉండాలి. చిన్న ఊళ్లో కల్పన రెండో వారానికే బయటపడుతుంది.

ఎలక్ట్రీషియన్ పక్కన ఉంటే మంచిది అన్న వాక్యం మర్యాదకు పెట్టింది కాదు. కొందరు షాపువాళ్లు “మధ్యలో ఎలక్ట్రీషియన్ కమీషన్ లేకుండా నేరుగా మా దగ్గర కొనండి” అంటారు. హాల్లో చప్పట్లు పడతాయి, పది రోజుల్లో ఆ మాట ఊళ్లో ఎలక్ట్రీషియన్లందరికీ చేరుతుంది. రోజూ కౌంటరు దగ్గరకొచ్చి హోల్డర్లు, టేపులు కొనేది వాళ్లే. వారానికొక సిఫార్సు కోసం రోజువారీ బేరాన్ని పోగొట్టుకోవడం ఏం తెలివి?

నిమిషం పనిచేసిందో లేదో ఆ పూటే తెలుసుకోవచ్చు. టిఫిన్ ప్లేట్లు తీసే వేళ పక్కాయనను “నేనేం అడిగానండీ?” అని నవ్వుతూ అడగండి. “ఎలక్ట్రికల్ సామాను కదా” అంటే గురి తప్పింది. “గుమ్మం ఎత్తేవాళ్లు” అంటే తగిలింది. తగిలినా వెంటనే ఇళ్లు రాలవు, ఎందుకంటే ముహూర్తాలు ఏడాది పొడుగునా ఉండవు. ఆషాఢంలో, మూఢం రోజుల్లో ఈ కోరిక కోరితే వృథా. అప్పుడు ఇదే షాపాయన ఇంకోటి అడగాలి. కొత్తగా క్లినిక్కో కోచింగ్ సెంటరో తెరవబోయేవాళ్ల కోసం అడగొచ్చు. అయితే మళ్లీ వాళ్లందరికీ ఎదురయ్యే ఒక క్షణం పట్టుకోవాలి, షాపు అద్దెకు తీసుకుని అడ్వాన్సు కట్టిన రోజులాంటిది. ఒక వారానికి ఒక్కటే కోరిక. రెండు అడిగితే రెండూ పోతాయి.

అన్ని షాపులకూ గుమ్మంలాంటి దశ అంత తేలిగ్గా దొరకదు. కిరాణా షాపుకు ఎవరూ సిఫార్సు మీద రారు. ఆయనా బిల్లుబుక్కు తీస్తే శుభకార్యాల సరుకు కనిపిస్తుంది. లగ్నపత్రిక రాసుకున్న ఇల్లు ఎక్కడుందో చెప్పమని అడిగితే సరిపోతుంది. పిన్నులు, పెన్నులు అమ్మే షాపుకు బడి తెరిచే ముందు నెల తప్ప ఈ పద్ధతిలో పెద్దగా ఏమీ రాదు. అలాంటివాళ్లు సభ్యత్వపు రుసుము కట్టే ముందు అతిథిగా ఒకటి రెండుసార్లు వెళ్లి చూడటం మేలు.

ఇక ఎవరైనా ఒక ఇంటి నంబరు ఇచ్చారనుకోండి. అవతలివాళ్లకు మీరు ఫోన్ చేస్తారని తెలుసా అని ముందు అడగండి. తెలియకపోతే అది ఉత్త ఫోన్ నంబరే, ఇచ్చినాయన చేత ఒక మాట చెప్పించండి. తెలిస్తే ఆ రోజే ఫోన్ చేసి, రేట్ల జోలికి పోకుండా “గుమ్మం ఎత్తారటగా అండీ, స్లాబు ఎప్పుడు?” అని మొదలుపెట్టండి. స్లాబు తేదీ తెలిస్తే లెక్క రాయడానికి ఎప్పుడు వెళ్లాలో మీకే తెలుస్తుంది. బేరం కుదిరినా కుదరకపోయినా, నంబరు ఇచ్చినాయనకు ఏమైందో వచ్చే వారం చెప్పండి.