చెరువు పనిలో పేస్ చూసింది, విన్నది

పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకం, విజయనగరం పాఠంలో డొమింగో పేస్ రాసిన ఒక భాగం ఉంటుంది. కృష్ణదేవరాయలు రెండు కొండల నడుమ చెరువు కట్టిస్తున్నాడు. మూడు లీగులకు పైగా దూరం నుంచి, అంటే సుమారు 15 కిలోమీటర్ల నుంచి, గొట్టాల్లో నీళ్లు వస్తాయి. పనిలో 15, 20 వేల మంది చీమల్లా కనిపిస్తున్నారు. ఇలాంటి భాగం కింద ప్రశ్నలిస్తే చాలామంది పిల్లలు ముందు ప్రశ్న చదివి, దానికి సరిపోయే వాక్యాన్ని పైనుంచి దింపేస్తారు. చెరువు ఎక్కడ కట్టారని అడిగితే అది చాలు. ఈ వర్ణనను ఎంతవరకు నమ్మవచ్చని అడిగినప్పుడే కలం ఆగిపోతుంది, ఎందుకంటే ఆ జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ దొరకదు.

అందుకే ముందు రాసినవాడెవరో చూడాలి. పేస్ పోర్చుగీసువాడు. గోవాను పోర్చుగీసువారు 1510లో పట్టుకున్నారు. ఆ తర్వాత పదేళ్లకు, 1520 ప్రాంతంలో అతను విజయనగరం వచ్చాడు. రాయలకు గుర్రాలు కావాలి, అవి సముద్రం మీదుగా పోర్చుగీసువారి చేతుల్లోంచి రావాలి. అంటే ఈ రాజు ఎంత సంపన్నుడు, ఎంత బలవంతుడు అన్నది పేస్ మనుషులకు వ్యాపారానికీ స్నేహానికీ పనికొచ్చే సమాచారం. అతని వర్ణనలో కనిపించే మెచ్చుకోలును ఈ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి.

ఎవరికోసం రాశాడన్నది అతని మాటలే పట్టిస్తాయి. నగరం రోమ్ అంత ఉందంటాడు. ఆ పోలిక మనకోసం కాదు, విజయనగరాన్ని ఎన్నడూ చూడని యూరపు పాఠకుడి కోసం. జనసంఖ్య రాస్తే కట్టుకథ అనుకుంటారని భయపడి రాయడం లేదని మరోచోట చెప్పుకుంటాడు. తనను నమ్మకపోవచ్చని అతనికి తెలుసు. అంత జాగ్రత్తపడినవాడు చెరువు దగ్గర మాత్రం 15, 20 వేలని అంకె వేశాడు. దాన్ని కంటి అంచనాగా తీసుకోవాలి. లెక్కపెట్టిన సంఖ్య అయితే ‘15 లేదా 20’ అనడు. చాలా పెద్ద పని జరుగుతోందనడానికి అది సాక్ష్యం, అంతవరకే.

అసలు పరీక్ష పాఠ్యపుస్తకం ఆపేసిన చోట మొదలవుతుంది. అక్కడి భాగం చీమలతో ముగుస్తుంది. పేస్ ఇంకా రాశాడు. చెరువు రెండు మూడు సార్లు తెగిందట. కారణం అడిగితే దేవుడు మనుషుల, గుర్రాల, దున్నల రక్తం కోరుతున్నాడని బ్రాహ్మణులు చెప్పారట. రాజు గుడి వాకిట 60 మంది తలలు నరికించాడట. రాయలంటే ప్రాణమిచ్చే తెలుగువాడు ఇక్కడ ‘పరదేశి అబద్ధం’ అనేయాలనుకుంటాడు. నాకూ మనసు అటే లాగుతుంది. కానీ అది పేస్ పక్షపాతాన్ని కనిపెట్టడం కాదు, మన పక్షపాతాన్ని బయటపెట్టుకోవడం.

క్రియలు చూడండి. పనిచేసేవాళ్ల దగ్గర పేస్ ‘నేను చూశాను’ అంటాడు. బలి దగ్గర ఆ మాట లేదు. హిందూ దేవాలయం మీద అప్పటి క్రైస్తవ యూరపుకు ఉన్న అభిప్రాయానికి రక్తం కోరే విగ్రహం కథ చక్కగా అతుకుతుంది కూడా. కాబట్టి ఇక్కడ అనుమానం పెరగాలి. గొట్టాల విషయంలో, పొలాలకూ తోటలకూ నీళ్లు వదిలే చెక్కడపు స్తంభాల విషయంలో అబద్ధమాడి అతనికి ఒరిగేదేమీ లేదు. వాటి మీద నమ్మకం పెంచుకోవచ్చు. ఒకే మనిషి ఒకే చెరువు గురించి రాసినా, వాక్యాన్ని బట్టి నమ్మకం మారుతుంది. ‘విదేశీయుడు కనుక పక్షపాతం ఉంది’ అని రాసే జవాబు బలహీనపడేది ఇక్కడే. ఏ వాక్యంలో, ఎటువైపు మొగ్గాడో అది చెప్పదు.

ఇంకో సాక్షి ఉన్నాడు. గుర్రాల వ్యాపారి ఫెర్నావో నూనిజ్ దాదాపు పదిహేనేళ్ల తర్వాత, అచ్యుతదేవరాయల కాలంలో, ఈ చెరువు గురించే రాశాడు. అతని కథలోనూ కట్ట నిలవదు, బలి జరుగుతుంది. అయితే తలలు తెగినవాళ్లు అప్పటికే మరణశిక్షకు తగిన ఖైదీలంటాడు. 60 అనే అంకె అక్కడ లేదు. ఇద్దరూ చెప్పారు కనుక నిజమేనని తేల్చడం తొందరపాటు. రాయల కాలం గడిచాక వచ్చిన నూనిజ్ ఊళ్లో చెప్పుకునే కథే విని ఉండొచ్చు. ఇద్దరూ పోర్చుగీసువారు, ఇద్దరి రాతలూ ఒకే తరహా పాఠకుడి కోసం.

ఇప్పుడు ‘విజయనగర నీటి వసతి తెలుసుకోవడానికి ఈ ఆకరం ఎంత ఉపయోగం?’ అన్న ప్రశ్నకు జవాబు రాయొచ్చు. గొట్టాలు, స్తంభాలు, పని పరిమాణం విషయంలో కళ్లారా చూసినవాడి మాటగా చాలా ఉపయోగం. కూలీల సంఖ్య ఉజ్జాయింపే. ఆ కూలీలు ఎవరు, ఏం పొందారు అన్నదానికి ఇచ్చిన భాగంలో ఏమీ లేదు. అది తెలియాలంటే శాసనాల వైపు చూడాలి.