బిల్లు నంబరు 27

విజయవాడలో మా వదిన ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి వాట్సాప్‌లో అమ్ముతుంది. ఆర్డరు ఏదీ ఒక్క ముక్కలో రాదు. పొద్దున "ఆంటీ, ఆవకాయ కిలో పంపండి" అని మెసేజ్. మధ్యాహ్నం వాయిస్‌లో "గోంగూర అరకిలో కూడా వేయండి". రాత్రి పదింటికి "కందిపొడి ఉందా? ఉంటే పావు". పార్సిల్ కట్టే రోజు వదిన చాట్‌ను పైకీ కిందికీ జరుపుకుంటూ, వాయిస్‌లు మళ్లీ వింటూ, పాత క్యాలెండర్ వెనక రాసుకునేది. ఒకసారి కందిపొడి మరిచిపోయింది. పొడి ఖరీదు కన్నా దాన్ని విడిగా పంపిన కొరియర్‌కే ఎక్కువైంది.

ఆ తర్వాతే ఫోన్‌లో బిల్లింగ్ యాప్ పెట్టుకుంది. వ్యాపార్, మైబిల్‌బుక్, స్వైప్, జోహో ఇన్‌వాయిస్ లాంటివి చాలా ఉన్నాయి. ఏది తీసుకున్నా పని దాదాపు ఒకటే: సరుకు, పరిమాణం, ధర ఎంచుకుంటే లెక్క కట్టి, వరుస నంబరు వేసి, పీడీఎఫ్ బిల్లు తయారుచేస్తుంది. దాన్ని అక్కణ్నుంచే వాట్సాప్‌లో పంపవచ్చు. అప్పుల ఖాతా యాప్‌లు వేరు. ఎవరు ఎంత బాకీ అన్నదే వాటికి ముఖ్యం, ఏ సీసా ఎవరికి వెళ్లాలన్నది కాదు.

మొదటి తప్పు సరుకుల జాబితాలోనే జరిగింది. వదిన కందిపొడిని "కిలో 500" అని ఎక్కించింది. పావు అడిగితే 0.25 అని కొట్టేది, యాప్ 125 వేసేది. కానీ పావుకిలో ప్యాకెట్‌ను ఆమె అమ్మేది 140కి, కవరూ సీలూ విడిగా పడతాయి కదా. ప్యాకెట్‌కు 15 రూపాయలు పోతున్నట్టు నెల గడిచాక గానీ తెలియలేదు. ఇప్పుడు పావు, అర, కిలో మూడూ మూడు వేర్వేరు సరుకులుగా ఉన్నాయి. జాబితా పొడుగైంది గానీ తూకం లెక్కల బెడద తీరింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ మూడు ముక్కల ఆర్డరునే చూద్దాం. అడిగేవాళ్లు ఇంకా ఆలోచనలో ఉన్నంతసేపు వదిన బిల్లు వేయదు, ఎస్టిమేట్ వేస్తుంది. అది చూసి "ఓకే ఆంటీ" అన్నాక ఒక్క నొక్కుతో బిల్లుగా మారుస్తుంది. నంబరు 27. ఆవకాయ కిలో 600, గోంగూర అరకిలో 300, కందిపొడి పావు 140, కొరియర్ 160, మొత్తం 1200. కొరియర్‌ను పచ్చడి ధరలో కలపకుండా వేరే వరుసలో చూపిస్తుంది. లేకపోతే పక్కవీధి వాళ్లు ఆ బిల్లు చూసి "మాకూ ఇదే రేటా?" అంటారు. అడ్వాన్సు 500 వచ్చింది. ఆ అంకె వేస్తే బాకీ 700 అని బిల్లు మీదే పడుతుంది. పార్సిల్ పెట్టె మీద కూడా 27 అని మార్కర్‌తో రాస్తుంది. సీసాలు సర్దేటప్పుడు ఇప్పుడు చాట్ తెరవాల్సిన పనే లేదు.

డబ్బు దగ్గరే చాలామంది పొరబడతారు. బిల్లు అడుగున క్యూఆర్ గళ్లు ఉంటాయి కాబట్టి, డబ్బు పడగానే యాప్ తానే "చెల్లించారు" అని గుర్తిస్తుందనుకుంటారు. సొంత యూపీఐ ఐడీ పెట్టుకున్నప్పుడు మామూలుగా అలా జరగదు. ఆ గళ్లలో ఉండేది ఇంతే:

```
upi://pay?pa=peru@bank&pn=Pachallu&am=700.00&cu=INR&tn=Bill-27
```

ఎవరికి, ఎంత, ఏ పేరుతో అన్నది చెప్పే ఒక వరుస. దాంతో డబ్బు నేరుగా బ్యాంకుకు వెళ్తుంది. బిల్లింగ్ యాప్‌కు ఆ కబురు అందదు. పేమెంట్ గేట్‌వే కలిపి, దానికి రుసుము కడితేనే తనంతట తాను గుర్తిస్తుంది. కాబట్టి వదిన బ్యాంకు ఖాతాలో 700 పడిందో లేదో చూసి, అప్పుడు 27ను చేత్తో "పెయిడ్" చేస్తుంది. కొనేవాళ్లు పంపే స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోదు. స్క్రీన్‌షాట్ తయారుచేయడం పిల్లలాట. ఇంకో చిన్న చిక్కు: బిల్లు వచ్చింది కొనేవాళ్ల ఫోన్‌కే, ఆ ఫోన్‌తో ఆ ఫోన్‌నే స్కాన్ చేయడం కుదరదు. అందుకే యూపీఐ ఐడీని అక్షరాల్లో కూడా కింద పెడుతుంది.

పంపేసిన బిల్లును గుట్టుగా దిద్దకూడదన్నది ఆమెకు అనుభవం మీద తెలిసింది. ఒకసారి ధర సరిచేసింది, కొత్త పీడీఎఫ్ పంపలేదు. కొనేవాళ్ల చేతిలో ఒక మొత్తం, ఆమె ఫోన్‌లో ఇంకో మొత్తం. ఇప్పుడు మార్పు ఉంటే పాతదాన్ని రద్దు చేసి కొత్త నంబరుతో బిల్లు వేస్తుంది. తుడిచేస్తే 26 తర్వాత 28 కనిపిస్తుంది, మధ్యది ఏమైందో ఆర్నెల్ల తర్వాత తనకే గుర్తుండదు.

ఇక జీఎస్టీ. ఇక్కడ మన రెండు రాష్ట్రాలకే పట్టిన ఒక విచిత్రం ఉంది. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 40 లక్షల అమ్మకాల వరకు, తెలంగాణలో 20 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ మినహాయింపు సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. సరుకు రాష్ట్రం దాటితే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ కావాలి. కొన్ని హస్తకళా వస్తువులకు సడలింపు ఉంది గానీ ఆవకాయ అందులోకి రాదు. 2014 జూన్ 2కు ముందు విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పంపడం ఒకే రాష్ట్రంలో పంపడమే. ఇవాళ ఆ 27వ బిల్లు అంతర్రాష్ట్ర అమ్మకం. ఇంటి వ్యాపారాల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. వదినకూ ఆడిటర్ చెబితేనే తెలిసింది.

రిజిస్ట్రేషన్ లేనంతకాలం యాప్‌లో జీఎస్టీ మీట ఆపి ఉంచాలి. కొన్నిటిలో అది ముందే వేసి ఉంటుంది, బిల్లు హుందాగా కనిపిస్తుందని వదిలేసేవాళ్లూ ఉన్నారు. నంబరు లేకుండా పన్ను వసూలు చేయడం చట్టవిరుద్ధం. నంబరు వచ్చాక రెండు చోట్ల కన్నేయాలి. కొనేవాళ్ల వివరాల్లో రాష్ట్రం సరిగ్గా ఎంచుకుంటేనే హైదరాబాద్ బిల్లుకు ఐజీఎస్టీ, గుంటూరు బిల్లుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. రెండోది ధర. పచ్చళ్లపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. ఆవకాయ ధర 600 "పన్నుతో కలిపి" అని పెడితే అందులోంచి 28 రూపాయల 57 పైసలు పన్నుగా విడదీసి చూపిస్తుంది. "పన్ను కాకుండా" అని ఉంటే పైన 30 వేసి 630 చేస్తుంది. ఆ ఒక్క మీట వల్ల వాట్సాప్‌లో చెప్పిన ధరకూ బిల్లులో పడిన ధరకూ తేడా వస్తుంది.

తినే సరుకు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరూ బిల్లు మీద ఉండాలి. 2022 జనవరి నుంచి అది తప్పనిసరి. దానికి యాప్‌లో ప్రత్యేకంగా గడి దొరక్కపోతే చిరునామా కింద రాసేస్తే సరిపోతుంది.

నెల చివర వదిన మొత్తం బిల్లులను ఎక్సెల్‌గా దించి తన ఈమెయిల్‌కే పంపుకుంటుంది. కొన్ని యాప్‌లు లెక్కలన్నీ ఫోన్‌లోనే దాస్తాయి, బ్యాకప్ విడిగా వేయకపోతే ఫోన్‌తో పాటే పోతాయి. ఆ మధ్య ఆమె ఫోన్ నూనె జాడీలో పడింది. కొత్త ఫోన్‌లో పాత మెయిల్ తెరిచి, బాకీలు ఉన్న నాలుగు నంబర్లు చూసి, వాళ్లకు మళ్లీ బిల్లులు పంపింది.